స్మార్ట్ బల్బ్, ప్లగ్ ఇంటి వైఫైకి కనెక్ట్ కావట్లేదా? ఎక్కడ ఆగిందో కనిపెట్టి సరిచేసే పద్ధతి

కొత్త బల్బ్ హోల్డర్‌లో పెట్టి స్విచ్ వేస్తే టకటకా మిణుకుతుంది. యాప్‌లో ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ ఇస్తాం. చక్రం తిరుగుతూ తిరుగుతూ చివరిదాకా వచ్చి "కనెక్ట్ కాలేదు" అని ఆగిపోతుంది. మళ్ళీ రీసెట్ చేస్తాం, మళ్ళీ అదే. మూడోసారికి టెన్షన్ మొదలవుతుంది, బల్బే పాడైందనిపించి తిరిగి పంపించేస్తాం. అలా తిరిగి వెళ్ళినవాటిలో చాలా బల్బులకు ఏ లోపమూ ఉండదు. రూటర్‌లో ఒకటో రెండో సెట్టింగులు మారిస్తే పనిచేసేవే.

అసలు చిక్కు ఏమిటంటే, యాప్ ఎక్కడ ఆగినా ఒకే మాట చెబుతుంది. కానీ లోపల మూడు వేర్వేరు పనులు జరగాలి. మొదట ఫోన్ దగ్గరున్న వైఫై పేరు, పాస్‌వర్డ్ బల్బ్‌కు చేరాలి. తర్వాత బల్బ్ వాటితో రూటర్‌లోకి ప్రవేశించాలి. ఆ తర్వాత ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌కు తన ఉనికి తెలియజేయాలి. ఈ మూడింటిలో ఏది ఆగిందో తెలిస్తే ఏ సెట్టింగ్ ముట్టుకోవాలో తెలుస్తుంది. తెలియకుండా రీసెట్ మీద రీసెట్ కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

2.4 గిగాహెర్ట్జ్ గొడవ

ఇప్పటి రూటర్లలో ఎక్కువ భాగం కనీసం రెండు బ్యాండ్లలో వైఫై ఇస్తాయి: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. వైఫై బల్బులు, ప్లగ్‌లు దాదాపు అన్నీ 2.4 మాత్రమే అందుకుంటాయి. లోపల ఉండేది చిన్న, చవకైన చిప్, ఒకే యాంటెన్నా. లైట్ వెయ్యి, ఆర్పు అని చెప్పడానికి పంపాల్సిన సమాచారం చాలా కొద్ది, దానికి 5 గిగాహెర్ట్జ్ వేగం అవసరం లేదు. పైగా 2.4 సిగ్నల్ గోడలు దాటి కాస్త దూరం పోతుంది. కాబట్టి అది లోపం కాదు, కావాలని చేసుకున్న ఎంపిక. పెట్టె మీద సన్న అక్షరాల్లో `2.4 GHz only` అని రాసి ఉంటుంది, ఒకసారి చూడండి.

రూటర్ రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టినప్పుడు అసలు ఇబ్బంది మొదలవుతుంది. `Smart Connect` అనో, `Band Steering` అనో ఉండే సెట్టింగ్ ఇదే. ఫోన్‌లో ఒక్క పేరే కనిపిస్తుంది, ఏ బ్యాండ్‌లో ఉందో తెలియదు. రూటర్‌కు దగ్గరగా ఉంటే ఫోన్ సాధారణంగా 5 మీదికే వెళ్తుంది.

ఫోన్ 5లో ఉంటే బల్బ్‌కు ఏమిటి నష్టం? ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది అర్థమైతే సగం సమస్య విడిపోతుంది. బల్బ్ ఇంకా రూటర్‌కు కనెక్ట్ కాలేదు కదా, మరి ఫోన్ దానికి పాస్‌వర్డ్ ఎలా చెబుతుంది? టకటకా మిణికే మోడ్‌లో చాలా పరికరాలు వాడే ఉపాయం ఇది. ఫోన్ వైఫైలోకి వరసగా చిన్న ప్యాకెట్లు వదులుతుంది. వాటి లోపలి విషయం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, బల్బ్ చదవలేదు. కానీ ప్రతి ప్యాకెట్ పొడవు మాత్రం బయటికి తెలుస్తుంది. ఆ పొడవుల్లోనే అక్షరాలను దాచి పంపుతారు. బల్బ్ ఒక్కో ఛానల్ మీద కొంతసేపు చెవి ఒగ్గి, ఆ పొడవులను పేర్చుకుని పేరు, పాస్‌వర్డ్ రాబట్టుకుంటుంది. గాలిలో పోయే మాటలు అర్థం కాకపోయినా వాటి నిడివిని బట్టి సంకేతం పట్టడం లాంటిది.

అంటే ఫోన్ మాట్లాడే బ్యాండ్‌లోనే బల్బ్ వినాలి. ఫోన్ 5లో ఉంటే ఆ సంకేతం బల్బ్‌కు చేరుతుందన్న భరోసా లేదు. పాస్‌వర్డ్ కరెక్ట్‌గా కొట్టినా అది బల్బ్‌కు చేరనే చేరదు. ఇదే మొదటి మెట్టులో ఆగిపోవడం.

దీనికి రెండు దారులున్నాయి. బ్లూటూత్ కూడా ఉన్న బల్బులు పాస్‌వర్డ్‌ను బ్లూటూత్ ద్వారా తీసుకుంటాయి, వాటికి ఫోన్ ఏ బ్యాండ్‌లో ఉన్నా ఫర్వాలేదు. బ్లూటూత్ లేకపోతే నెమ్మదిగా మిణికే మోడ్ ఉంటుంది. అందులో బల్బే ఒక చిన్న వైఫై తెరుస్తుంది, ఫోన్ నేరుగా దానికి కనెక్టై పాస్‌వర్డ్ ఇస్తుంది. యాప్‌లో దీన్ని `AP Mode` అంటారు. టకటకా మోడ్ రెండుసార్లు విఫలమైతే ఇంకోసారి ప్రయత్నించకుండా దీనికి మారిపోవడం మేలు. అయితే ఏ దారిలో చెప్పినా, బల్బ్ చివరికి చేరాల్సింది 2.4 మీదే అన్నది మారదు.

రీసెట్: ఎప్పుడు, ఎలా

ఒకసారి సగంలో ఆగిన పరికరం పాత పాస్‌వర్డ్‌నే పట్టుకుని ఉండొచ్చు. అందుకే ప్రతి కొత్త ప్రయత్నానికి ముందు ఒక శుభ్రమైన రీసెట్ అవసరం. కంపెనీని బట్టి లెక్క మారుతుంది కాబట్టి పెట్టెలోని కాగితమే ప్రమాణం. ఎక్కువగా కనిపించే పద్ధతి మాత్రం ఇలా ఉంటుంది.

బల్బ్‌కైతే గోడ స్విచ్‌తోనే చేయాలి, హోల్డర్‌లో తిప్పుతూ చేయకూడదు. స్విచ్ ఆపి 10 సెకన్లు ఆగండి. తర్వాత ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్, ఆన్. ప్రతిదానికీ మధ్య ఒక సెకను. కొన్ని బల్బులకు ఇలా మూడుసార్లు ఆన్ చేస్తే సరిపోతుంది, కొన్నిటికి ఐదుసార్లు కావాలి. చివరి ఆన్ తర్వాత చెయ్యి తీసేసి ఐదారు సెకన్లు చూడండి, అప్పుడు మిణకడం మొదలవుతుంది. ఎక్కువమంది తప్పు చేసేది వేగంలోనే. అర సెకనులో టపటపా కొడితే బల్బ్ లోపలి చిప్ లేవకముందే కరెంటు పోతుంది, ఆ ఆన్ లెక్కలోకి రాదు. నోటితో "ఒకటీ" అని నిదానంగా అంటూ కొట్టండి, సరిపోతుంది. ఆ స్విచ్ వెనక డిమ్మర్ ఉంటే రీసెట్ సరిగ్గా పడదు, మామూలు స్విచ్ ఉన్న చోటికి మార్చి చేయండి.

ప్లగ్‌కు బటన్ ఉంటుంది. దాన్ని 5 సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలావాటిలో లైట్ టకటకా మిణుకుతుంది. అలాగే ఇంకో ఐదు సెకన్లు పట్టుకుంటే కొన్ని ప్లగ్‌లు నెమ్మది మోడ్‌లోకి మారతాయి, కొన్ని పూర్తిగా ఫ్యాక్టరీ స్థితికి వెళ్తాయి. రీసెట్ చేసేముందు ప్లగ్‌కు తగిలించిన హీటర్, ఇస్త్రీపెట్టె లాంటివి తీసేయండి. రీసెట్ సమయంలో లోపలి రిలే టక్కుమని ఆన్ అయ్యే అవకాశం ఉంది.

మిణుకు వేగం చూసి మోడ్ గుర్తుపట్టండి. సెకనుకు రెండుసార్ల చొప్పున కొట్టుకుంటే టకటకా మోడ్. రెండు మూడు సెకన్లకు ఒకసారి వెలిగి ఆరితే నెమ్మది మోడ్. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాలంటే చాలా బల్బులకు అదే రీసెట్ మళ్ళీ చేస్తే చాలు. మిణకకుండా నిలకడగా వెలుగుతుంటే అది రీసెట్ కాలేదు, యాప్ ఎంత వెతికినా దొరకదు.

తప్పు బల్బ్‌దా, రూటర్‌దా: పది నిమిషాల పరీక్ష

రూటర్ సెట్టింగులు ముట్టుకునే ముందు ఇది తప్పకుండా చేయండి. రెండు ఫోన్లు కావాలి. ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, బ్యాండ్ `2.4 GHz` ఎంచుకోండి. ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడళ్ళలో `Maximize Compatibility` ఆన్ చేస్తే హాట్‌స్పాట్ 2.4కు మారుతుంది. పేరు `test24`, పాస్‌వర్డ్ `test12345` లాంటి సాదా మాటలు పెట్టండి. రెండో ఫోన్‌ను దానికి కనెక్ట్ చేసి, అందులోని యాప్‌తో బల్బ్‌ను జత చేయండి.

బల్బ్ కనెక్ట్ అయితే బల్బ్ బాగుంది, యాప్ బాగుంది, మీ రీసెట్ కూడా సరిగ్గానే పడింది. తప్పు ఇంటి రూటర్ సెట్టింగుల్లో ఉంది. హాట్‌స్పాట్‌కు కూడా కనెక్ట్ కాకపోతే రూటర్ జోలికి వెళ్ళొద్దు. రీసెట్, ఫోన్ పర్మిషన్లు చూడండి, అవీ సరిగ్గా ఉంటే అప్పుడు బల్బ్‌ను అనుమానించండి. పరీక్ష అయ్యాక యాప్‌లోంచి బల్బ్‌ను తీసేసి రీసెట్ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే అది ఆ `test24` కోసమే వెతుకుతూ ఉంటుంది.

ఫోన్ పర్మిషన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆండ్రాయిడ్‌లో లొకేషన్ ఆన్ చేసి, యాప్‌కు ఆ పర్మిషన్ ఇవ్వాలి. లేకపోతే ఫోన్ ఏ వైఫైలో ఉందో యాప్‌కు తెలియదు. ఐఫోన్‌లో సెట్టింగుల్లో `Local Network` పర్మిషన్ ఇవ్వాలి. వీపీఎన్ ఉంటే ఆపండి. నెమ్మది మోడ్‌లో బల్బ్ తెరిచిన వైఫైకి ఇంటర్నెట్ ఉండదు, అందుకే ఫోన్ "ఇంటర్నెట్ లేదు" అంటూ మొబైల్ డేటాకు జారిపోతుంది. ఆ కాసేపు మొబైల్ డేటా ఆపేయండి, "ఇందులోనే ఉండాలా" అని ఫోన్ అడిగితే అవునని చెప్పండి.

రూటర్‌లో మార్చాల్సినవి

బ్రౌజర్‌లో రూటర్ అడ్రస్ కొట్టండి. సాధారణంగా `192.168.0.1` లేదా `192.168.1.1`, ఏదైనదీ రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. `Wireless` పేజీకి వెళ్ళి, ముందు ఇప్పుడున్న సెట్టింగులు ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత `Smart Connect` ఆపి 2.4కు వేరే పేరు ఇవ్వండి. చివరికి ఆ పేజీ ఇలా కనిపించాలి:

```
2.4 GHz Radio   : Enable
SSID            : Illu_2G
Hide SSID       : Off
Security        : WPA2-PSK
Encryption      : AES
Mode            : 802.11 b/g/n
Channel         : 6
Channel Width   : 20 MHz
AP Isolation    : Off
```

ఇందులో బ్యాండ్ తర్వాత ఎక్కువగా అడ్డుపడేది సెక్యూరిటీ లైనే. కొత్త రూటర్లు `WPA3` తోనో, `WPA2/WPA3` మిశ్రమంతోనో వస్తాయి. చాలా బల్బులకు, ముఖ్యంగా పాతవాటికి, WPA3 తెలియదు. WPA3తో పాటు `PMF` అనే రక్షణ తప్పనిసరి అవుతుంది. విడిగా ఆ లైన్ కనిపిస్తే `Required` కాకుండా `Capable` లేదా `Disable` లో ఉంచండి. మిశ్రమ మోడ్‌లో పాత పరికరాలు కూడా కనెక్ట్ కావాలి, కానీ WPA3 కూడా ఉందని రూటర్ చేసే ప్రకటన చూసే కొన్ని చిప్‌లు తడబడతాయి. WPA2 మాత్రమే పెడితే ఆ అనుమానం తీరిపోతుంది. వైఫై 7 రూటర్లలో ఒకేసారి రెండు మూడు బ్యాండ్లు కలిపి వాడే `MLO` ఆన్ అయి ఉంటే అది WPA3ని కోరుతుంది, బల్బ్ వాడే పేరుకు దాన్ని ఆపాలి.

ఛానల్ సంగతి. `Auto` లో వదిలితే రూటర్ కొన్ని దేశాల్లో 12 లేదా 13 ఎంచుకోవచ్చు. 11 దాకా మాత్రమే వినే పరికరానికి అప్పుడు మీ వైఫై కనిపించనే కనిపించదు, ఫోన్‌కు మాత్రం చక్కగా కనిపిస్తుంది. అందుకే 1, 6, 11లో ఒకటి పెట్టమంటాను. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టడానికి కారణం, ఈ చిప్‌లలో కొన్ని అంతకంటే వెడల్పైన ఛానల్‌ను పట్టుకోలేవు. బల్బ్‌కు వేగం అక్కర్లేదు, ఇందులో పోయేదేమీ లేదు. `Mode` లో వైఫై 6ను సూచించే `ax` కలిపి ఉంటే, మిగతావన్నీ చేసినా కనెక్ట్ కానప్పుడు మాత్రమే దాన్ని తీసి చూడండి.

పేరు, పాస్‌వర్డ్ విషయంలో నా సలహా ఒకటే. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు మాత్రమే వాడండి. ఖాళీలు, ఎమోజీలు, కొటేషన్ గుర్తులు ఉంటే కొన్ని యాప్‌లు వాటిని తప్పుగా పంపుతాయి. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉంటే భద్రతకు లోటు రాదు, గుర్తుల అవసరం లేదు.

రూటర్‌లో తెలియని పరికరాలను ఆపే `MAC Filter` పెట్టుకున్నవాళ్ళు జత చేసేంతవరకు దాన్ని ఆపాలి. గెస్ట్ వైఫైలో పెట్టాలనుకుంటే పెట్టొచ్చు. కానీ అక్కడ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా అడ్డుగోడ ఉంటుంది, పై జాబితాలోని `AP Isolation` అదే. జత చేసే సమయంలో ఆ అడ్డు తీసేసి, తర్వాత మళ్ళీ పెట్టి బల్బ్ పనిచేస్తుందో లేదో చూసుకోండి.

మా ఇంట్లో జరిగింది

పాత రూటర్ తీసి వైఫై 6 రూటర్ పెట్టిన రోజు, రెండేళ్ళుగా పనిచేస్తున్న బల్బ్, ప్లగ్ రెండూ మూగబోయాయి. పేరు మారింది కాబట్టి మళ్ళీ జత చేద్దామని కూర్చున్నాను. బల్బ్ రీసెట్ చేశాను, టకటకా మిణికింది. యాప్‌లో మొదటి లైనే, అంటే "పరికరం కోసం వెతుకుతోంది" అన్నదే దాటలేదు. ఫోన్ వైఫై వివరాలు తెరిచి చూస్తే `5 GHz` అని ఉంది. సరే, `Smart Connect` ఆపి 2.4కు వేరే పేరు పెట్టి, ఫోన్‌ను దానికి మార్చి మళ్ళీ చేశాను.

ఈసారి ఒక తేడా వచ్చింది. టకటకా మిణుకు పది సెకన్లలోనే ఆగిపోయింది. అంటే పాస్‌వర్డ్ బల్బ్‌కు చేరింది! కానీ యాప్ మళ్ళీ చివరిదాకా వెళ్ళి విఫలమైంది, బల్బ్ తిరిగి మిణకడం మొదలుపెట్టింది. మొదటి మెట్టు దాటింది, రెండోదో మూడోదో ఆగింది. ఏదో తేల్చడానికి రూటర్‌లో కనెక్ట్ అయిన పరికరాల జాబితా తెరిచి, పక్కనే పెట్టుకుని ఇంకోసారి చేశాను. జాబితాలో కొత్త పేరు ఒక్క క్షణం కూడా రాలేదు. వచ్చి పోయి ఉంటే ఇంటర్నెట్ వైపు చూసేవాణ్ణి. అసలు రాలేదంటే రూటర్ గుమ్మం దగ్గరే ఆగిపోతోందన్నమాట.

సెక్యూరిటీ లైన్ చూస్తే `WPA2/WPA3-Personal`. దాన్ని `WPA2-PSK` చేసి సేవ్ చేశాను. రూటర్ ఓ నిమిషం వైఫై ఆపి మళ్ళీ ఇచ్చింది. బల్బ్ రీసెట్, పాస్‌వర్డ్, ఇరవై సెకన్లు. జాబితాలో `ESP_` తో మొదలై ఆరు అక్షరాలున్న పేరు ప్రత్యక్షమైంది, దాని పక్కన అడ్రస్ కూడా వచ్చింది. ఆ వెంటనే యాప్ "జత అయింది" అంది. ఆ పేరు చూసి కలిగిన ఊరట ఇప్పటికీ గుర్తుంది.

ప్లగ్‌కు కూడా అదే సరిపోతుందనుకున్నాను. కానీ జాబితాలో పేరు కనిపించీ యాప్ విఫలమైంది, అంటే ఇక్కడ ఆగింది మూడో మెట్టు. రూటర్‌లో పిల్లల కోసం పెట్టిన నియంత్రణ ఒకటుంది, కొత్త పరికరాలకు ఇంటర్నెట్ ఇవ్వకుండా ఆపేది. ప్లగ్‌ను ఆ నియంత్రణలోంచి తీసేస్తే వెంటనే కనెక్ట్ అయింది. ఒకే ఇంట్లో, ఒకే సాయంత్రం, ఒకే తప్పు మెసేజ్ వెనక మూడు వేర్వేరు కారణాలు.

కనెక్ట్ అయ్యాక ఊడిపోతుంటే

జత చేసేటప్పుడు రూటర్‌కు రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టి చేసి, తర్వాత దాని చోటికి మార్చడం సులువు. అయితే ఆ చోట సిగ్నల్ ఎంతుందో చూడాలి. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్‌తో ఆ చోట నిలబడి 2.4 పేరు చూడండి. `-65 dBm` దగ్గర ఉంటే నిశ్చింత. `-80` దాటి కిందికి పోతే బల్బ్ రోజూ ఊడిపోతుంటుంది. లోహపు షేడ్ లోపల ఉన్న బల్బ్‌కు సిగ్నల్ ఇంకా తగ్గుతుంది.

మరో కారణం పాత ఖాతా. బల్బ్‌ను ఇంతకు ముందు ఇంకొకరు వాడి ఉంటే, వాళ్ళ ఖాతాలోంచి తీసేసేదాకా కొన్ని కంపెనీలు కొత్త ఖాతాకు ఇవ్వవు. రూటర్ జాబితాలో పరికరం కనిపిస్తూ, ఇంటర్నెట్ ఉన్నా యాప్ నిరాకరిస్తుంటే ఇది అనుమానించండి. పాత యజమాని యాప్‌లో తొలగించడమే దారి.

ఇక రూటర్ మార్చబోయేవాళ్ళకు ఒక మాట. బల్బులు వైఫైని గుర్తుపట్టేది పేరు, పాస్‌వర్డ్‌లతోనే, రూటర్ పెట్టెతో కాదు. కొత్త రూటర్‌లో 2.4కు పాత పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం పొల్లు పోకుండా పెట్టి, సెక్యూరిటీ `WPA2-PSK` ఉంచితే ఇంట్లో ఉన్నవన్నీ ఒక్క రీసెట్ లేకుండా వాటంతట అవే కనెక్ట్ అవుతాయి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా లెక్కలోకి వస్తుంది, కాబట్టి పాత రూటర్ కరెంటు తీసే ముందే ఆ రెండూ కాగితం మీద రాసి పెట్టుకోండి.